పోయినవారి ఫేస్‌బుక్‌కి తాళం వేసే ముందు

ఫేస్‌బుక్‌లో మీ స్నేహితుల జాబితా ఒకసారి పైనుంచి కిందిదాకా చూడండి. చనిపోయినవాళ్లు కనీసం ఇద్దరు ముగ్గురైనా తగులుతారు. ఆ సంగతి మనకు తెలుసు గానీ ఫేస్‌బుక్‌కి తెలియదు. అందుకే వాళ్ల పుట్టినరోజు రాగానే ఎప్పటిలాగే అందరికీ గుర్తు చేస్తుంది. ఏళ్ల తరబడి మాటల్లేని పాత క్లాస్‌మేటొకాయన వచ్చి ‘నిండు నూరేళ్లు చల్లగా ఉండు బావా’ అని రాసి, కింద కేకు బొమ్మ పెట్టి వెళ్తాడు. కాసేపటికి ఆ ఇంటి కోడలు ‘మామయ్యగారు కిందటేడు కాలం చేశారండీ’ అని జవాబు రాయాల్సి వస్తుంది. ఆ రోజు అలాంటి జవాబులు ఆవిడ ఎన్ని రాయాలో!

ఇది ఆపడానికి ఉన్న దారులు రెండు. ఖాతాను స్మారక ఖాతాగా మార్పించడం ఒకటి, పూర్తిగా తీసేయించడం రెండోది. రెండూ కుటుంబం అడిగితే జరిగేవే, పైసా ఖర్చు లేదు. చిక్కల్లా ఏది ముందు అడగాలి, ఎవరు అడగాలి, అడిగే ముందు ఏం చూసుకోవాలి అన్న దగ్గరే. చాలా ఇళ్లలో ఇది ఆలోచించేలోపే ఎవరో ఒకరు అడిగేసి ఉంటారు.

స్మారక ఖాతా అంటే ఏమవుతుందో ముందు చూద్దాం. పోయినవారి పేరు దగ్గర Remembering అన్న మాట చేరుతుంది. వాళ్లు పెట్టిన ఫొటోలు, రాతలు ఎక్కడివక్కడే ఉంటాయి. ఎవరికి కనిపించేలా పెట్టారో వాళ్లకే కనిపిస్తాయి. ఖాతా సెట్టింగులు ఒప్పుకుంటే స్నేహితులు వచ్చి నాలుగు మాటలు రాసుకోవచ్చు. పుట్టినరోజు గుర్తు చేయడం ఆగిపోతుంది, ‘వీరు మీకు తెలిసి ఉండొచ్చు’ అని కొత్తవాళ్లకు చూపించడమూ ఆగిపోతుంది. ఇదంతా బాగానే ఉంది. దీంతోపాటు ఇంకో మార్పు కూడా జరుగుతుంది, చాలామందికి తెలియనిది అదే. ఆ క్షణం నుంచి ఆ ఖాతాలోకి ఎవరూ లాగిన్ కాలేరు. సరైన పాస్‌వర్డ్ చేతిలో ఉన్నా సరే, భార్య అయినా, కన్నకొడుకైనా సరే.

ఈ తాళం ఎంత గట్టిదో జర్మనీలో ఒక జంటకు తెలిసొచ్చింది. 2012లో బెర్లిన్‌లో పదిహేనేళ్ల అమ్మాయి మెట్రో రైలు కింద పడి చనిపోయింది. అది ప్రమాదమా, ఆత్మహత్యా అన్నది తేలలేదు. ఆ పిల్ల ఫేస్‌బుక్ సందేశాల్లో ఏదైనా ఆధారం దొరుకుతుందేమోనని తల్లిదండ్రులు చూడబోయారు. పాస్‌వర్డ్ తల్లి దగ్గరే ఉంది. తీరా చూస్తే లాగిన్ కావడం లేదు. అప్పటికే ఎవరో ఫేస్‌బుక్‌కి మరణవార్త చేరవేశారు, ఖాతా స్మారకంగా మారిపోయింది. తాళం తీయమంటే కంపెనీ ఒప్పుకోలేదు. అమ్మాయికి సందేశాలు పంపినవాళ్ల రహస్యాల మాటేమిటి అంది. కింది కోర్టు తల్లిదండ్రుల పక్షాన, పై కోర్టు కంపెనీ పక్షాన తీర్పు చెప్పాయి. చివరికి 2018 జులైలో జర్మనీ అత్యున్నత న్యాయస్థానం, ఉత్తరాలూ డైరీలూ వారసులకు ఎలా వస్తాయో ఈ ఖాతా కూడా అలాగే వస్తుందని తేల్చింది. అక్కడితోనైనా అయిపోయిందా అంటే లేదు. కంపెనీ పద్నాలుగు వేల పేజీలకు పైగా ఉన్న పీడీఎఫ్‌ను ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టి చేతికిచ్చింది. ఇది చాలదు, ఖాతాలోకి వెళ్లి చూసుకోనివ్వాలని 2020లో మళ్లీ అదే కోర్టు చెప్పాల్సి వచ్చింది. పాస్‌వర్డ్ ఉన్న తల్లికి అంతకాలం పట్టింది. మన దగ్గర ఇలాంటి తీర్పేదో ఉందనుకుని ధీమాగా ఉండటానికి లేదు.

ఇప్పుడు మన వైపు ఒక ఇంటి సంగతి ఊహించుకుందాం. తెనాలి దగ్గర పల్లెటూళ్లో ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరుగారు ఇంట్లోనే కన్నుమూశారు. భార్య ఊళ్లో, కొడుకు హైదరాబాద్‌లో, కూతురు అమెరికాలో ఉంటారు. మాస్టారికి ఫేస్‌బుక్ అంటే మహా సరదా. తాను పనిచేసిన బడుల జ్ఞాపకాలు రాస్తుండేవారు. కొన్ని అందరికీ కనిపించేలా పెట్టారు. ఇంకా దిద్దాల్సి ఉందనుకున్నవి Only me అని పెట్టుకుని తనొక్కరే చూసుకునేవారు. పాత విద్యార్థుల కోసం ఒక పేజీ కూడా నడిపేవారు, దానికి అడ్మిన్ ఆయనొక్కరే. నాలుగోరోజున శిష్యుడొకరు, అభిమానంతోనే, పేపర్లో వచ్చిన మరణవార్తను జతచేసి ఖాతాను స్మారకంగా మార్చమని ఫేస్‌బుక్‌కి పంపాడు. స్మారకంగా మార్చమని స్నేహితులు కూడా అడగొచ్చు, బంధువులే అడగాలని లేదు. అటు నుంచి అంగీకారం వచ్చేసింది.

దాంతో మూడు జరిగాయి. నాన్న ట్యాబ్‌లో ఖాతా తెరిచే ఉంది కదా, పెద్దకర్మ అయ్యాక తీరిగ్గా చూద్దాం అనుకున్న కొడుక్కి ఇక అది తెరుచుకోలేదు. Only me కింద ఉన్న జ్ఞాపకాలు తాళం వెనక్కి వెళ్లిపోయాయి. స్మారక ఖాతా గోడమీద అందరికీ కనబడేది కనబడుతుంది గానీ, ఆయన ఒక్కరికే కనిపించేలా దాచుకున్నది ఇక ఎవరికీ కనిపించదు. మూడోది, ఆ పాత విద్యార్థుల పేజీ. ఒకే అడ్మిన్ ఉన్న పేజీ, ఆ అడ్మిన్ ఖాతా స్మారకం కాగానే తొలగిపోతుంది. శిష్యుడు గురువుగారికి గౌరవం అనుకుని చేసిన పనితో, శిష్యులందరూ కలుసుకునే చోటే పోయింది.

కాబట్టి అంత్యక్రియలు అయ్యాక బంధువులకు ఫోన్లు చేసేటప్పుడే, ‘ఫేస్‌బుక్‌కి మాత్రం ఎవరూ ఏమీ పంపొద్దు, మేం చూసుకుంటాం’ అని ఒక మాట చెప్పుకోవడం మంచిది. ఆ సమయంలో ఈ మాటేమిటి అనిపించవచ్చు. కానీ పేపరుకు మరణవార్త ఇచ్చే కొడుకే ఈ మాట కూడా చెప్పగలడు. అది తప్పుకాదు.

మరి తాళం పడకముందు ఆయన ట్యాబ్‌లోంచే ఫొటోలూ రాతలూ దించుకోవచ్చా? ఒకరి ఖాతాను మరొకరు వాడటం ఫేస్‌బుక్ నిబంధనల ప్రకారం కుదరదు. ఇది దాచిపెట్టి లాభం లేదు. అయితే తెరిచి ఉన్న నాన్న ట్యాబ్‌లో నాన్న ఆల్బమ్ చూడని కొడుకు ఉండడన్నదీ నిజమే. నా మట్టుకు నాకు గీత ఇక్కడ కనిపిస్తుంది. ఇంటి ఫొటోలు చూసుకోవడం ఒకటి, ఆయన పేరుతో పోస్టులు పెట్టడం, ఆయనకు వచ్చిన ప్రైవేటు సందేశాలు చదవడం మరొకటి. ఆ సందేశాల్లో సగం మాటలు ఆయనవి కావు, అవతలివాళ్లవి. ఏ శిష్యురాలో తన ఇంటి గొడవ చెప్పుకుని ఏడ్చి ఉండొచ్చు. అది మాస్టారి పిల్లలు చదవాలని ఆమె రాయలేదు. ఖాతాలోని సమాచారం కావాలని ఫేస్‌బుక్‌నే అధికారికంగా అడిగితే, అరుదైన సందర్భాల్లో పరిశీలిస్తామంటుంది. దానికి అధీకృత ప్రతినిధినని చూపే ఆధారంతోపాటు కోర్టు ఉత్తర్వు కూడా కావాలి.

ఇక కాగితాల సంగతి. స్మారకం చేయించడానికి పెద్ద తంటా లేదు. హెల్ప్ సెంటర్‌లోని ఫారంలో పోయినవారి ప్రొఫైల్, మరణించిన తేదీ ఇచ్చి, పత్రికలో వచ్చిన మరణవార్త గానీ సంస్మరణ కార్డు గానీ డెత్ సర్టిఫికెట్ గానీ జత చేస్తే సరిపోతుంది. ఖాతాను తీసేయించాలంటే మాత్రం దగ్గరి కుటుంబసభ్యులో, వీలునామా అమలు చేసే వ్యక్తో అడగాలి. దానికి తొందరగా పని జరిగే పత్రం డెత్ సర్టిఫికెట్. అది లేకపోతే రెండు కావాలి. మీకు అధికారం ఉందని చూపే వీలునామా లాంటిది ఒకటి, మరణాన్ని చూపే పత్రికా ప్రకటన లాంటిది ఒకటి.

మాస్టారు ఇంట్లో పోయారు కాబట్టి, సమాచారం ఇవ్వాల్సిన బాధ్యత ఇంటివాళ్లదే. ఆసుపత్రిలో అయితే ఆసుపత్రే చెబుతుంది. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము ఉండదు. దాటితే 30 రోజుల దాకా ఆలస్య రుసుముతో సరిపోతుంది. ఆ తర్వాత రాతపూర్వక అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాల్సి ఉంటుంది. బ్యాంకులకూ బీమాకూ ఎలాగూ తీసుకోవాల్సిందే గనక, ఫేస్‌బుక్ కోసం ప్రత్యేకంగా తిరగక్కర్లేదు. ఆసుపత్రివాళ్లు చేతికిచ్చే డెత్ సమ్మరీని సర్టిఫికెట్ అనుకుని పంపేవాళ్లున్నారు. అది చికిత్స కాగితం. రిజిస్ట్రేషన్ నంబరు, రిజిస్ట్రార్ సంతకం ఉన్నదే మరణ ధ్రువీకరణ పత్రం.

మన కాగితాలు ఎక్కువగా తిరిగి వచ్చేది పేరు దగ్గర. ఖాతాలోని పేరూ, పత్రంలోని పేరూ కలవాలని ఫేస్‌బుక్ చూస్తుంది. మన పేర్లు కలుస్తాయా? సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందు, తర్వాత విడివిడిగా ‘వెంకట సుబ్బా రావు’. ఫేస్‌బుక్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమై చివరికి పోయింది, మిగతా అంతా కలిసి ‘సుబ్బారావు’ అయింది. అదీ కాకపోతే ‘సుబ్బారావు మాస్టారు’ అనే ఉంది. ఊళ్లో ఎవరిని అడిగినా ఇద్దరూ ఒకరే అంటారు. కానీ ఆ ఫారం చూసే మనిషికి మన ఊరు తెలియదు. అందుకని పేరు ఒక్కదాన్ని నమ్ముకోకుండా ప్రొఫైల్ లింకును కాపీ చేసి పెట్టాలి, ఖాతాకు వాడిన ఈమెయిల్ తెలిస్తే అదీ ఇవ్వాలి. పత్రికా ప్రకటన ఇచ్చేటప్పుడే రికార్డుల్లోని పూర్తి పేరు, దాని పక్కనే ఊరంతా పిలిచే పేరు, పైన ఫొటో ఉండేలా వేయించుకుంటే ఆ ఒక్క ముక్క రెండు పేర్లనూ కలుపుతుంది. ఫొటో ఫేస్‌బుక్‌లో ఉన్నదే అయితే మరీ మంచిది.

రెండో తకరారు తేదీ. మాస్టారు రాత్రి ఒంటిగంటకు పోయారనుకోండి. ఇంట్లో అందరూ ‘శనివారం రాత్రి పోయారు’ అంటారు, కార్డు మీద కూడా శనివారం తేదీయే పడుతుంది. సర్టిఫికెట్‌లో మాత్రం ఆదివారం తేదీ. తిథి లెక్క వేరే సంగతి, అది పంతులుగారు చూసుకుంటారు. ఫారంలో మాత్రం సర్టిఫికెట్‌లో ఉన్న తేదీయే వేయాలి. దాంతోపాటు కార్డు కూడా పంపితే రెండు తేదీలు కనిపించి అనుమానం వస్తుంది. అలాంటప్పుడు సర్టిఫికెట్ ఒక్కటే పంపడం మేలు.

కొడుకో కూతురో అడుగుతున్నప్పుడు బంధుత్వానికి ఆధారం కావాల్సి రావచ్చు. డెత్ సర్టిఫికెట్‌లో పోయినవారి తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి గానీ పిల్లల పేర్లు ఉండవు. తహశీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో అందరి పేర్లూ ఉంటాయి. మీసేవలోనో సచివాలయంలోనో దరఖాస్తు చేసుకుంటే వస్తుంది. పంపేటప్పుడు అవసరం లేని నంబర్లు, ముఖ్యంగా ఆధార్ నంబరు, కనిపించకుండా మూసి స్కాన్ చేయండి. అమెరికాలో ఉన్న కూతురు అక్కడి నుంచే ఇవన్నీ పంపొచ్చు, ఇక్కడికి రావక్కర్లేదు.

కాగితాలు ఎంత చిక్కువైనా ఎలాగో ఒక కొలిక్కి వస్తాయి. ఇంట్లో మాటలు అలా రావు. మాస్టారి కొడుకు ఖాతా తీసేద్దామంటాడు. ఆయన ఫొటోతో ఎవరో దొంగ ఖాతా తెరిచి ‘అర్జెంటుగా ఇరవై వేలు పంపు’ అని బంధువులకు మెసేజ్‌లు పెట్టారని అతని బాధ. కూతురు వద్దంటుంది. రాత్రిళ్లు నిద్రపట్టనప్పుడు నాన్న రాతలు చదువుకుంటున్నానంటుంది. తల్లికి ఫేస్‌బుక్ లేదు, కొడుకు ఫోన్‌లో ఫొటోలు చూస్తుంది. ‘మీ ఇష్టం నాయనా’ అంటుంది గానీ, ఆవిడ ఇష్టం ఏమిటో ఎవరూ సరిగా అడగరు. ఇలాంటి తగవును ఫేస్‌బుక్ తీర్చదు. దగ్గరి బంధువు ఒకరు సరైన కాగితాలతో తీసేయమని అడిగితే మిగతావాళ్ల సంతకాల కోసం ఆగదు.

కొడుకు భయం అర్థం లేనిది కాదు, కానీ మందు వేరు. దొంగ ఖాతా అనేది వేరే ఖాతా. అసలుది తీసేస్తే దొంగది పోదు, పైగా అసలుది ఏదో చూపించడానికి ఆధారమే లేకుండా పోతుంది. దొంగ ఖాతా మీద, వేరొకరిలా నటిస్తున్నారని విడిగా ఫిర్యాదు చేయాలి. అసలు ఖాతాను ఎవరైనా దొంగిలిస్తారేమో అన్న భయానికి స్మారకమే సమాధానం, ఎవరూ లాగిన్ కాలేరు గనక. తీసేస్తే ఆయన పెట్టినవన్నీ పోతాయి, వాటి కింద ఇతరులు రాసిన వందల కామెంట్లు కూడా పోతాయి. మళ్లీ తెప్పించుకోలేరు. స్మారకం చేసినదాన్ని తర్వాతైనా తీసేయించవచ్చు. తీసేసినదాన్ని స్మారకం చేయించలేరు. అందుకే, ఇంట్లో ఏకాభిప్రాయం లేనప్పుడు ముందు దించుకోవాల్సిన వాటి సంగతి తేల్చుకుని, తర్వాత స్మారకం చేయించి, తీసేసే మాట సంవత్సరీకం అయ్యేదాకా ఎత్తకుండా ఉండటం నయం. ఏడాది తిరిగాక అదే కొడుకు వద్దనవచ్చు, అదే కూతురు సరే అనవచ్చు.

తాళం పొరపాటున పడటం కూడా ఉంది. 2016 నవంబరులో ఒకరోజు ఫేస్‌బుక్ సాంకేతిక లోపంతో బతికున్న చాలామంది ఖాతాలకు స్మారకం బోర్డు తగిలించింది. అందులో మార్క్ జుకర్‌బర్గ్ కూడా ఉన్నాడు. కొన్ని గంటల్లో సరిచేశారు.

ఇన్‌స్టాగ్రామ్‌లోనూ దారి దాదాపు ఇదే. స్మారకానికి మరణవార్తో డెత్ సర్టిఫికెట్టో, తీసేయడానికి దగ్గరి బంధువునని చూపే పత్రాలూ అడుగుతుంది. ఎక్స్‌లో స్మారకం లేదు. అడిగేవారి గుర్తింపు కార్డు, డెత్ సర్టిఫికెట్ ఇస్తే ఖాతా నిలిపేస్తారు. వాట్సాప్ తీరు వేరు. అక్కడ 120 రోజులపాటు వాడకం లేకపోతే ఖాతా తనంతట తానే తొలగిపోతుంది. వాట్సాప్ విషయంలో చూసుకోవాల్సింది సిమ్. రీచార్జ్ ఆపేసి వదిలేస్తే ఆ నంబరు కొన్నాళ్లకు ఇంకెవరికో వెళ్తుంది. ఫేస్‌బుక్‌కీ ఇన్‌స్టాగ్రామ్‌కీ ఆ నంబరే జతచేసి ఉంటే, పాస్‌వర్డ్ మార్చే ఓటీపీ ఆ కొత్త మనిషికి చేరుతుంది. బ్యాంకు పనులూ, ఈ ఖాతాల పనులూ ముగిసేదాకా ఆయన సిమ్‌ను చిన్న రీచార్జ్‌తో బతికించుకోవాలి. తొందరపడి మూయించే మొదటి వస్తువు అదే అవుతుంటుంది చాలా ఇళ్లలో.

మాస్టారు బతికుండగా రెండు నిమిషాలు కేటాయించి ఉంటే ఇందులో సగం తిప్పలు తప్పేవి. ఫేస్‌బుక్ సెట్టింగుల్లో Accounts Center లోకి వెళ్లి, Personal details, Account ownership and control, Memorialization అన్నవి వరసగా తెరిస్తే రెండు దారులు కనిపిస్తాయి. చనిపోయాక ఖాతా తొలగించమని ముందే చెప్పి ఉంచవచ్చు, లేదా Legacy contact పేరుతో ఒకరిని నియమించుకోవచ్చు. 2015లో వచ్చిన సదుపాయం ఇది. ఆ మనిషి తర్వాత ప్రొఫైల్ ఫొటో మార్చగలరు, గోడమీద పైన నిలిచి ఉండేలా ఒక ప్రకటన పెట్టగలరు, కొత్త ఫ్రెండ్ రిక్వెస్టులు అంగీకరించగలరు, ఖాతా తీసేయమని అడగగలరు. ముందుగా అనుమతి ఇచ్చి ఉంటే, పంచుకున్న ఫొటోలూ పోస్టులూ దించుకోగలరు. సందేశాలు మాత్రం చదవలేరు. పోయాక ఈ నియామకం కుదరదు. పేజీకి రెండో అడ్మిన్‌ను పెట్టడమూ అంతే, బతికుండగా చేయాల్సిన పని.

జీమెయిల్, గూగుల్ ఫొటోలు, యూట్యూబ్ చానల్ ఉన్నవాళ్లకు గూగుల్‌లో Inactive Account Manager అని ఉంది. ఎన్ని నెలలు అలికిడి లేకపోతే ఎవరెవరికి ఏది చేరాలో అందులో రాసిపెట్టుకోవచ్చు. గడువు మూడు నెలల నుంచి పద్దెనిమిది నెలల దాకా పెట్టుకోవచ్చు, పది మందిని పేర్కొనవచ్చు. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా, 14వ సెక్షన్‌లో, మరణానంతరం తన హక్కులు వినియోగించడానికి మరొకరిని నామినేట్ చేసే హక్కు ఇచ్చింది. నియమాలు 2025 నవంబరులో వచ్చినా, ఈ హక్కు చేతికి రావడానికి అప్పటి నుంచి 18 నెలల గడువు పెట్టారు. అందాకా ఆయా కంపెనీల సెట్టింగులే దిక్కు.

Legacy contactగా ఎవరిని పెట్టాలన్నది మాత్రం కాస్త ఆలోచించి తేల్చుకోవాలి. ఒక్కరినే పెట్టగలం. వాళ్లకు ఫేస్‌బుక్ ఖాతా ఉండాలి, నియమించుకునేవారికి పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలి. భార్యాభర్తలు ఒకరినొకరు పెట్టుకుంటారు, సహజమే. కానీ ఇద్దరూ డెబ్బై దాటినవాళ్లయితే, ఒకరి తర్వాత ఒకరు పోయినప్పుడు రెండో ఖాతాకు ఎవరూ మిగలరు. పిల్లల్లో ఒకరిని పెడితే నయం. పెట్టిన సంగతి వాళ్లకు, మిగతా పిల్లలకు కూడా చెప్పి ఉంచాలి. ‘నాన్న నిన్నే ఎందుకు పెట్టారు’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవారు నాన్న ఒక్కరే, అది ఆయన ఉన్నప్పుడే చెప్పాలి.